మేలో 16, జనవరిలో 14: ఒక నవరత్నాల ఉంగరం కొలత

నేపథ్యం

కోస్తా ఆంధ్రలోని ఒక పట్టణంలో నేను బంగారు పని చేస్తాను. మా దుకాణంలో అమ్మకం తక్కువ, తయారీ, మరమ్మతులు ఎక్కువ. ఉంగరం వదులైందనో బిగుసుకుపోయిందనో వచ్చేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. సాదా ఉంగరమైతే అది పెద్ద పని కాదు. సైజు కడ్డీకి ఎక్కించి కొద్దిగా సాగదీయవచ్చు, లేదా కింద కోసి ముక్క తీసి టంకం పెట్టవచ్చు. రాళ్ల ఉంగరం, అందులోనూ ముత్యం, పగడం ఉన్న ఉంగరం అలా కాదు. ఈ కేసు అలాంటి ఉంగరానిదే. దీనిలో నేను ఒకే ఉంగరాన్ని రెండుసార్లు తప్పు సైజుకు చేశాను. రెండు తప్పులూ ఒకదానికొకటి ఎదురు దిక్కులో జరిగాయి. కొలత తీసిన ప్రతిసారీ, వేలికి తొడిగి సైజు చూసే రింగుల గేజ్ సరిగానే చెప్పింది. నేను దాన్ని చదివిన తీరులోనే పొరపాటు ఉంది.

ఆమెను ఇక్కడ టీచరు గారు అంటాను. నలభై దాటిన వయసు, బడిలో పాఠం చెప్పే ఉద్యోగం. ఇంట్లో పెద్దలు చూపించిన జ్యోతిష్కుడు కుడిచేతి ఉంగరపు వేలికి నవరత్నాల ఉంగరం పెట్టుకోమన్నారు. రాళ్లు ఒంటికి తగలాలి కాబట్టి అడుగు తెరిచి ఉంచాలన్నది కూడా ఆయన మాటే. 22 క్యారెట్ల బంగారంలో, చుట్టూ ఎనిమిది రాళ్లు, నడుమ కెంపు వచ్చేలా గుండ్రని పలకతో ఉంగరం అనుకున్నాము. వేలి చుట్టూ తిరిగే వలయం వెడల్పు 5 మిల్లీమీటర్లు.

సైజుల గురించి ముందుగా ఒక్క మాట చెప్పాలి. మన దగ్గర వాడే అంకెల పద్ధతిలో ఉంగరం లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో ఎంతో చూసి, అందులోంచి సుమారుగా 40 తీసేస్తే సైజు వస్తుంది. అంటే 16 సైజు ఉంగరం లోపలి చుట్టుకొలత దాదాపు 56 మిల్లీమీటర్లు, అడ్డకొలత 17.8 మిల్లీమీటర్లు. ఒక అంకె మారితే చుట్టుకొలత ఒక మిల్లీమీటరు మారుతుంది. అడ్డకొలతలో అది 0.3 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది, కంటితో చూస్తే తేడాయే తెలియదు. కానీ వేలు ఆ తేడాను వెంటనే పడుతుంది. గేజ్ తయారుచేసినవాళ్లను బట్టి అంకెలు కొద్దిగా అటూ ఇటూ అవుతాయి కాబట్టి నేను అంకెతో పాటు మిల్లీమీటర్లు కూడా రాసుకుంటాను. ఈ కేసులో వచ్చే అంకెలన్నీ మా దుకాణంలోని ఒకే గేజ్‌వి.

మొదటి కొలత, మొదటి ఉంగరం

టీచరు గారు మొదటిసారి వచ్చింది మే నెలలో ఒక సాయంత్రం, ఆరు గంటల ప్రాంతంలో. ఆ వారమంతా పగటి వేడి 42 డిగ్రీలకు తగ్గలేదు. బజారులో రెండు గంటలు తిరిగి, రెండు చేతుల్లో సంచులు మోసుకుని ఆమె దుకాణంలోకి వచ్చారు. నేను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, అయిదు నిమిషాలకే కొలత తీశాను.

మా దగ్గర అప్పుడున్న గేజ్ రింగులు సన్నవి, వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. 15 కణుపు దగ్గర ఆగిపోయింది. 16 కాస్త పట్టి, తిప్పుతూ నెడితే దాటింది. వెడల్పైన ఉంగరం సన్నని దానికన్నా బిగుతుగా అనిపిస్తుంది. అది ఎక్కువ చర్మాన్ని కప్పుతుంది, వేలు మడిచినప్పుడు కండ పక్కకు జరగడానికి చోటుండదు. అందుకే వెడల్పు ఉంగరాలకు అర అంకె నుంచి ఒక అంకె వరకు కలపడం మా పనిలో అందరూ చేసేదే. నేను కూడా ఒకటి కలిపి 17 చేయాలని నిర్ణయించాను.

అక్కడే తప్పు జరిగింది. వెడల్పు కోసం కలపడం తప్పు కాదు. వేడికి, నడకకు, చేతులు గంటల తరబడి కిందికి వేలాడి ఉన్నందుకు అప్పటికే ఉబ్బి ఉన్న వేలి మీద తీసిన కొలతకు ఇంకో అంకె కలపడం తప్పు. వేడిలో ఒళ్లు చల్లబడటానికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, వేళ్లలో అది మరీ ఎక్కువ. రక్తం ఎక్కువగా వేళ్ల చివరిదాకా చేరుతుంది, కొంత నీరు నాళాల నుంచి బయటి కండలోకి దిగుతుంది. చేతులు కిందికి వేలాడేసి నడిస్తే ఆ నీరు వెనక్కి మళ్లడం ఇంకా ఆలస్యమవుతుంది. ఈ సంగతి నాకు తెలియనిదేమీ కాదు. తెలిసి కూడా కొలత కాగితం మీద 16 అని రాశానే గానీ, ఏ గంటలో ఏ స్థితిలో తీసిన 16 అన్నది రాయలేదు. మర్నాడు పని మొదలుపెట్టేటప్పటికి నా ముందు అంకె ఒక్కటే మిగిలింది.

ఉంగరం ఇచ్చిన రోజు కూడా మే నెలే, మధ్యాహ్నం మూడు గంటలు. వేలికి చక్కగా సరిపోయింది. ఆమె సంతోషంగా వెళ్లారు, నేనూ సరిగ్గా చేశాననే అనుకున్నాను. కొలిచిన వేడిలోనే పెట్టి చూస్తే సరిపోక ఏమవుతుంది?

ఎదురైన సమస్య

జనవరి రెండో వారంలో ఆమె తిరిగి వచ్చారు. ఉంగరం వేలి చుట్టూ తిరిగిపోతోందనీ, రాళ్ల పలక అరచేతి వైపుకు వచ్చేస్తోందనీ అన్నారు. అంతకు నాలుగు రోజుల ముందు తెల్లవారుజామున బట్టలు జాడిస్తుంటే ఉంగరం బకెట్లోకి జారిపోయిందట. నీళ్లు పారబోసేటప్పుడు చప్పుడు వినబడి చూసుకున్నారట.

"ఆచారి గారూ, చలికి బంగారం సాగుతుందా?" అని అడిగారు.

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు కాబట్టి సమాధానం లెక్కతో సహా చెప్పడం నాకు అలవాటు. లోహం వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. బంగారం ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 14 వంతులు మారుతుంది. 57 మిల్లీమీటర్ల చుట్టుకొలత ఉన్న ఉంగరానికి 25 డిగ్రీల తేడా వస్తే, మారేది 0.02 మిల్లీమీటర్లు. సైజులో ఒక అంకెకు అది యాభయ్యో వంతు. పైగా ఆ మార్పు జరిగినా చలిలో ఉంగరం చిన్నదవుతుంది గానీ పెద్దది కాదు. అంటే ఆమె చెప్పినదానికి ఎదురు. మారింది ఉంగరం కాదు, వేలే.

పొద్దున్నే చన్నీళ్లలో చేతులు పెడితే వేళ్ల రక్తనాళాలు ముడుచుకుంటాయి. దానికి తోడు సబ్బు నీళ్లు జారుడు. కొత్తగా వదులైన ఉంగరాల్లో ఎన్నో పోయేది ఇలాంటి చోట్లే. నవరత్నాల ఉంగరానికి ఇంకో చిక్కు కూడా ఉంది. బరువంతా పైన పలకలో ఉంటుంది కాబట్టి కాస్త వదులున్నా అది కిందికి తిరుగుతుంది. అదే వదులు సాదా ఉంగరానికి ఉంటే ఆమె గమనించి ఉండేవారు కాదు.

ఉదయం పదింటికి ఆమె చేతిని మళ్లీ గేజ్‌తో చూశాను. ఈసారి రెండు అంకెలు రాసుకున్నాను. కణుపు దాటడానికి 15 చాలు, కొంచెం నెట్టాలి. వేలి మొదట్లో 14 సరిగ్గా కూర్చుంటుంది. కణుపు కాస్త లావుగా ఉందని మొదటిసారే గమనించాను గానీ లెక్కలోకి తీసుకోలేదు. ఆ కణుపు పొద్దున్నే పట్టేసినట్టు ఉంటుందని ఆమె అన్నారు. అది నేను తేల్చే సంగతి కాదు కాబట్టి డాక్టరుకు చూపించమని చెప్పాను.

చేసి చూసినవి, తప్పినవి

మొదట దారం చుట్టి చూశాము. మన ఇళ్లలో పాతకాలం నుంచి ఉన్న పద్ధతే. వలయం కింది భాగానికి గట్టి దారం ఒత్తుగా చుడితే ఉంగరం పట్టుకుంటుంది. వదులెంతో తెలుసుకోవడానికి అది మంచి పరీక్ష. ఎన్ని చుట్లకు ఉంగరం తిరగడం ఆగిందో చూస్తే ఎంత తగ్గించాలో ఒక అంచనా వస్తుంది. కానీ రోజూ నీళ్లలో పెట్టే చేతికి అది నిలవదు. పది రోజుల్లో దారం నల్లబడి, దాని కింద చర్మం తడిగా మెత్తబడి దురద మొదలైంది. తీసేయమన్నాను.

తర్వాత ఉంగరం తగ్గించడానికి ఒప్పుకున్నాను. రెండు అంకెలు తగ్గించి 15 చేయాలని నిర్ణయించాను. దానికి అప్పట్లో నా మనసులో ఉన్న కారణం ఇది: జనవరి ఉదయం కణుపును 15 దాటుతోంది. దాటగలిగినదాన్ని మించి పెద్దది పెడితే మళ్లీ జారుతుంది. ఆమె భయపడుతున్నది ఉంగరం పోతుందేమోనని. కాబట్టి పోకుండా ఉండే సైజే సరైన సైజు. వినడానికి ఇది సరిగానే ఉంది. కానీ మే నెలలో నేను వేడి వైపు ఎంత ఒరిగానో, జనవరిలో చలి వైపు అంత ఒరిగాను.

పని విషయానికి వస్తే, ముత్యం, పగడం మంటకు తట్టుకోవు. పచ్చల్లో పగుళ్లను కనపడకుండా చేయడానికి తరచుగా నూనె పట్టించి ఉంటారు, వేడి తగిలితే అది పోయి రాయి వెలవెలబోతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. కొందరు రాళ్ల పలకను తడిగుడ్డలో చుట్టో, పచ్చి బంగాళదుంపలో గుచ్చో కింద టంకం పెడతారు. కెంపు, వజ్రం ఒక్కటే ఉన్న ఉంగరానికి నేను కూడా తడిగుడ్డతో చేస్తాను. ముత్యమున్న చోట ఆ ధైర్యం చేయను. లేజరుతో అతికే యంత్రమైతే వేడి అతుకు దగ్గరే ఆగిపోతుంది, అది మా దుకాణంలో లేదు. కాబట్టి తొమ్మిది రాళ్లూ విప్పి, వలయాన్ని కింది భాగంలో హాల్‌మార్క్ గుర్తుకు దూరంగా కోసి, రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, కొసలు ఆకురాయితో సమం చేసి టంకం పెట్టి, మెరుగుపెట్టి, రాళ్లు తిరిగి పొదిగాను. తీసిన ముక్క పావు గ్రాము పైచిలుకు తూగింది. అది తూచి ఆమెకే ఇచ్చేశాను.

జనవరి, ఫిబ్రవరి బాగానే గడిచాయి. మార్చిలో ఫోన్ చేసి "కొంచెం పట్టేస్తోంది, కానీ పర్లేదు" అన్నారు. అప్పుడే పిలిపించి ఉండాల్సింది. ఏప్రిల్ మధ్యలో ఒక రోజు మధ్యాహ్నం మూడింటికి బడి నుంచి నేరుగా వచ్చారు. ఉంగరం రెండు వైపులా కండ గట్టు కట్టి ఉంది. వేలు ఎర్రగా ఉంది గానీ నీలం కాలేదు, గోరు నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి వస్తోంది, స్పర్శ ఉంది. ఆ మూడు చూశాకే నేను తీయడానికి పూనుకున్నాను. నీలం తిరిగినా, మొద్దుబారినా, గోటికి రంగు రాకపోయినా అది మా చేతి పని కాదు, నేరుగా ఆసుపత్రికి పంపాలి.

ముందు చేతిని తలకన్నా ఎత్తులో అయిదు నిమిషాలు పట్టుకోమన్నాను. తర్వాత కుండ నీళ్లలో ముంచి ఉంచాము. కొబ్బరినూనె రాసి తిప్పి చూస్తే కదిలింది గానీ కణుపు దగ్గర ఆగిపోయింది. అక్కడ బలవంతంగా లాగితే చర్మం ముడుచుకుని కణుపు ఇంకా లావవుతుంది. అందుకని నైలాన్ దారం తీసుకుని, ఒక కొసను వంచిన సన్నని తీగతో ఉంగరం కింద నుంచి అరచేతి వైపుకు దూర్చాను. రెండో వైపు దారాన్ని ఉంగరం అంచు నుంచి మొదలుపెట్టి గోరు వైపుగా, చుట్టుకు చుట్టు ఆనుకునేలా, కణుపు దాటేదాకా బిగువుగా చుట్టాను. దారం కింద కండ అణిగి వేలు ఒక సన్నని గొట్టంలా అవుతుంది. ఇప్పుడు అరచేతి వైపున్న కొసను పట్టుకుని గోరు వైపుకు లాగుతూ విప్పుతుంటే, విప్పిన ఒక్కో చుట్టు ఉంగరాన్ని ఒక్కో మెట్టు ముందుకు తోస్తుంది. ఆమె పళ్ల బిగువున ఓర్చుకున్నారు. కణుపు దాటడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టింది, అంతా కలిపి అరగంట. అలా రాకపోయి ఉంటే రింగు కట్టరుతో వలయం కోసేయడానికి సిద్ధంగానే ఉన్నాను.

ఉంగరం బల్ల మీద పెట్టాక ఆమె అడిగిన ప్రశ్న నా పనిని మార్చింది. "మరి నా వేలి సైజు ఎంతండీ?"

నేను చెప్పగలిగిన అంకెలు మూడు ఉన్నాయి, మూడూ నిజమే.

పనికొచ్చిన దారి

ఈసారి ఉంగరాన్ని వెంటనే ముట్టుకోలేదు. ముందు వేలు ఎంత మారుతుందో తెలుసుకోవాలి. ఇత్తడి రేకుతో 14, 15, 16, 17 సైజుల్లో నాలుగు సాదా వలయాలు చేశాను. నాలుగింటి వెడల్పూ 5 మిల్లీమీటర్లే, అసలు ఉంగరానికున్నంత. దీంతో వెడల్పు కోసం ఊహించి కలపాల్సిన అవసరం పోయింది. వేసవి సెలవులు మొదలవుతున్నాయి కాబట్టి వాటిని ఇంటికిచ్చి, పది రోజుల పాటు రోజుకు నాలుగుసార్లు, నిద్ర లేవగానే, పదింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి తొమ్మిదింటికి పెట్టి చూసుకోమన్నాను. ప్రతిసారీ రెండు సంగతులు రాయాలి. ఏ సైజు కణుపును తిప్పుతూ నెడితే దాటుతోంది, ఏ సైజు వేలి మొదట్లో తిరగకుండా కూర్చుంటోంది. పక్కన ఆ గంటలో ఏం చేస్తున్నారో రాయమన్నాను. టీచరు గారు కాబట్టి పుస్తకం గీతలు కొట్టి మరీ రాశారు.

ఆ పుస్తకంలో నాకు కొత్తగా తెలిసింది పొద్దుటి సంగతి. చలి వేళ వేలు సన్నబడుతుంది కదా, ఉదయం ఎప్పుడూ సన్నగానే ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. ఆమె లేవగానే తీసిన కొలత పదింటి కొలతకన్నా చాలా రోజులు అర అంకె ఎక్కువగా ఉంది. రాత్రంతా పడుకుని ఉంటే పగలు కాళ్లలోకి దిగే నీరు ఒళ్లంతా సర్దుకుంటుంది, చేతులు కదలవు, అందుకే కొందరికి పొద్దున్నే వేళ్లు ఉబ్బి ఉంటాయి. లేచి గంటా రెండు గంటలు పని చేసుకున్నాక తగ్గుతుంది. బంధువుల పెళ్లిలో రాత్రి భోజనం చేసి వచ్చిన మర్నాడు ఉదయం ఆ ఉబ్బు ఇంకా ఎక్కువగా ఉంది. ఉప్పు ఎక్కువైన తిండి ఒంట్లో నీరు నిలబెడుతుంది కాబట్టి అది కారణం కావచ్చు గానీ, ఒక్కరోజు లెక్కతో తేల్చను.

పదింటికి కణుపుకు 15, వేలి మొదటికి 15. సాయంత్రం నాలుగింటికి రెండింటికీ 16. వంటింట్లో పొయ్యి దగ్గర గంట సేపు ఉన్న రోజున 16 కూడా బిగువే. ఒక మధ్యాహ్నం ఆమె చెల్లెలి ఇంట్లో ఏసీ గదిలో రెండు గంటలు కూర్చుని చూస్తే 15 చక్కగా దాటింది. రాత్రి తొమ్మిదింటికి నాలుగింటి కొలతకన్నా కాస్త తగ్గింది.

దీని పక్కన జనవరి అంకెలు పెట్టుకుని చూశాను. కణుపు 15 నుంచి 16 వరకు, అంటే ఒక అంకె మారింది. వేలి మొదలు 14 నుంచి 16 వరకు, రెండంకెలు మారింది. కణుపులో ఎముకే ఎక్కువ, ఉబ్బడానికి కండ తక్కువ. మొదట్లో కండ మెత్తన, అక్కడే మార్పంతా. నేను ఇన్నాళ్లూ ఒక సైజు కోసం వెతుకుతున్నాను గానీ, అక్కడ రెండు వేరు వేరు కొలతలు వేరు వేరు మోతాదులో మారుతున్నాయి.

అప్పుడు ప్రశ్నను మార్చుకున్నాను. వీటి సగటు ఎంత అని కాకుండా, హద్దులు ఏవి అని చూశాను. పై హద్దు: మే నెల సాయంత్రం నాలుగింటికి కూడా, నూనె లేకుండా, తిప్పుతూ లాగితే ఉంగరం కణుపు దాటి రావాలి. అలా రాకపోతే ఏదో ఒక రోజు అది కోయాల్సి వస్తుంది. కింది హద్దు: జనవరి ఉదయం చన్నీళ్ల చేతిని కిందికి విదిలిస్తే ఉంగరం కణుపు దాటి జారకూడదు. పై హద్దు 15ను కొట్టేసింది. కింది హద్దు 17ను కొట్టేసింది. మిగిలింది 16. కానీ 16 జనవరిలో వేలి మొదట చుట్టుకొలతలో రెండు మిల్లీమీటర్లు వదులుగా ఉండి తిరుగుతుంది. ఆ వదులును ఉంగరం చిన్నది చేసి తీర్చలేము, లోపలి నుంచి పూడ్చాలి.

దానికి మా పనిలో ఉన్న ఉపాయం, వలయం లోపలి వైపు కింద రెండు చిన్న బంగారు గుండ్లు అతకడం. గడియారంలో పలక 12 దగ్గర ఉందనుకుంటే, గుండ్లు 5, 7 అంకెల దగ్గర వస్తాయి. కణుపు దాటించేటప్పుడు ఉంగరాన్ని కాస్త వాల్చి తిప్పుతూ నెడితే గుండ్లు దాటిపోతాయి. వేలి మొదటికి వచ్చాక అవి మెత్తని కండను రెండు చోట్ల ఒత్తి ఉంగరాన్ని తిరగనివ్వవు. రెండు గుండ్ల మధ్య కండ సర్దుకోవడానికి చోటుంటుంది కాబట్టి చిన్న సైజు ఉంగరంలా చుట్టూ బిగించవు. లోపల వంగిన స్ప్రింగు రేకు పెట్టే పద్ధతి కూడా ఉంది. అది ఎక్కువ వదులుకు పనికొస్తుంది గానీ, దాని సందుల్లో సబ్బు, పిండి చేరతాయి, ఇంటి పని చేసే చేతికి వద్దనుకున్నాను.

గుండ్లు ఎంత ఎత్తు ఉండాలన్నది అసలు ప్రశ్న. ఇప్పుడు మే నెల, ఇప్పటికి సరిపడా పెడితే జనవరికి చాలవు. జనవరికి సరిపడా పెడితే ఇప్పుడు నొక్కుతాయి. ఇక్కడ నేను తీసుకున్న నిర్ణయానికి కారణం రాళ్లు. గుండు పెంచాలంటే మంట కావాలి, మంట కావాలంటే తొమ్మిది రాళ్లూ మళ్లీ విప్పాలి. గుండు తగ్గించాలంటే ఆకురాయి చాలు, రాళ్లు ఉండగానే, ఆమె ఎదురుగానే తగ్గించవచ్చు. కాబట్టి తప్పితే ఎత్తు వైపే తప్పాలి. అర మిల్లీమీటరుకు కొద్దిగా పైన ఎత్తు పెట్టి పొదిగి, తర్వాత వేలికి పెట్టి చూస్తూ అరగదీయడమని అనుకున్నాను.

మళ్లీ రాళ్లన్నీ విప్పాను. రాళ్లు పొదగడం ఇది మూడోసారి కాబట్టి వాటిని పట్టుకునే పళ్లు రెండు వంగి వంగి బలహీనపడ్డాయి, వాటిని కొత్తగా వేశాను. వలయాన్ని పాత అతుకు దగ్గరే విప్పి, అదే 22 క్యారెట్ల బంగారంతో ఒక మిల్లీమీటరు ముక్క చేర్చాను. ఆ ముక్క 130 మిల్లీగ్రాములు ఉంది. గుండ్లు హాల్‌మార్క్ గుర్తు మీద పడకుండా పక్కకు జరిపి అతికాను. 15కు తగ్గించడం నా నిర్ణయమే కాబట్టి ఈసారి మజూరీ తీసుకోలేదు.

ఉంగరం పెట్టి చూడటానికి రెండుసార్లు రమ్మన్నాను, ఒకసారి ఉదయం పదకొండుకు, ఒకసారి సాయంత్రం నాలుగుకు. సాయంత్రం 5 దగ్గరి గుండు నొక్కుతోందన్నారు. దాన్ని నాలుగు గీతలు గీసి, మళ్లీ పెట్టి, మళ్లీ గీసి ఆపాను. ఉంగరం తీసి చూస్తే చర్మం మీద రెండు లేత చుక్కలు పడి నిమిషంలో మాసిపోయాయి. అంతవరకు సరే. చుక్కలు పది నిమిషాలైనా పోకపోతే ఇంకా గీయాలి.

తర్వాత ఏమైంది

మరుసటి జనవరిలో ఆమెను నేనే పిలిపించాను. ఉదయం పదింటికి చేతిని చన్నీళ్లలో ముంచి తుడిచి, కింద మెత్తని గుడ్డ పరిచి విదిలించమన్నాను. ఉంగరం కణుపు దగ్గర ఆగింది. పలక పూర్తిగా అరచేతి వైపుకు రాలేదు గానీ చిటికెన వేలి వైపుకు కొంచెం ఒరుగుతోంది. ఆ ఒరగడాన్ని నేను తీసేయలేకపోయాను. తీసేయాలంటే మేలో నొక్కుతుంది. ఇదీ సంగతని చెబితే ఆమె ఒప్పుకున్నారు. చలికాలంలో బట్టలు జాడించేటప్పుడు మాత్రం తీసి పక్కన పెడుతున్నారు. ఎలాగూ సబ్బు నీళ్లు ముత్యానికి, పగడానికి మంచివి కావు కాబట్టి ఆ అలవాటు ఏడాది పొడవునా పెట్టుకోమన్నాను.

ఈ కేసు తర్వాత మా దుకాణంలో మారినవి

కొలత కాగితంలో ఇప్పుడు సైజు పక్కన నెల, గంట, కొలిచిన గేజ్ వెడల్పు, కణుపు అంకె, వేలి మొదలు అంకె విడివిడిగా ఉంటాయి. బయటి నుంచి వచ్చినవాళ్లను ఫ్యాను కింద ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, చేతులు బల్ల మీద పెట్టించాకే గేజ్ తీస్తాము. సాదా ఉంగరానికి అది చాలు, తేడా వస్తే సరిచేసుకోవచ్చు. ముత్యం, పగడం, పచ్చ ఉన్నదానికీ, చుట్టూ రాళ్లు పొదిగి కోయడానికి చోటే లేనిదానికీ వేర్వేరు రోజుల్లో కనీసం రెండు కొలతలు లేకుండా బంగారం కరిగించడం లేదు. వెడల్పు కోసం ఊహించి అంకె కలపడం మానేసి, ఆ వెడల్పు గల ఇత్తడి వలయమే వేలికి పెట్టి చూస్తున్నాము. కాగితం పట్టీతోనో దారంతోనో ఇంటి దగ్గర కొలిచి పంపిన కొలతకు ఉంగరం చేయము. దారం లాగితే సాగుతుంది, పైగా అది కొలిచేది వేలి మొదలునే, దాటాల్సిన కణుపును కాదు.

విదేశాల నుంచి వచ్చే కొలతలు ఇంకో రకం. టీచరు గారి తమ్ముడు అమెరికా నుంచి తన ఉంగరానికి 7 అని పంపారు. ఆ 7 మన అంకెల్లో 14కు కాస్త పైన పడుతుంది. అక్కడ ఒక అంకెకు చుట్టుకొలత రెండున్నర మిల్లీమీటర్లు మారుతుంది, మన దగ్గరలా ఒక మిల్లీమీటరు కాదు. అది సరిచూసుకున్నాక నేను అడిగిన రెండో ప్రశ్న, ఆ కొలత ఏ నెలలో తీశారని. డిసెంబరులో, మంచు కురుస్తున్న రోజున, బయటి నుంచి దుకాణంలోకి వెళ్లగానే తీయించుకున్నారట. ఇత్తడి వలయాలు మూడు పోస్టులో పంపాము. జూలై కొలత వచ్చేదాకా ఆ ఉంగరం పని మొదలుపెట్టలేదు.